రాత్రి వీడియోలో నాయిస్ తగ్గాలి, ముఖం మాత్రం మైనపు బొమ్మ కాకూడదు: ఎలా చేయాలి

రాత్రి తీసిన వీడియోలో సన్నగా పురుగులు పారుతున్నట్టు కదిలే చుక్కల్ని పోగొట్టడం పెద్ద విషయమేమీ కాదు, ఏ సాఫ్ట్‌వేర్‌లో అయినా నాయిస్ రిడక్షన్ స్లైడర్ కుడివైపు లాగితే పోతాయి. గొడవల్లా వాటితో పాటు చెంప మీది చర్మం కూడా పోవడమే. గెడ్డం గీతలా మిగులుతుంది, నుదుటి ముడతలు చెరిగిపోతాయి, మనిషి మైనంతో పోతపోసినట్టు కనిపిస్తాడు. పెళ్ళి వీడియోలో అయితే "ఏటి బావూ, మా తాతకి మేకప్ ఏసేసినారేటి" అని వీడియో తీయించుకున్న పార్టీ వాళ్ళే అడుగుతారు.

ఇక్కడ అన్ని రకాల వీడియోల గురించీ చెప్పడం లేదు. ఒక్క సందర్భం తీసుకుంటాను, అది కుదిరితే మిగతావి అందులోనే ఉంటాయి. విజయనగరం జిల్లాలో ఒక పల్లె, అమ్మవారి పండగ రాత్రి, గుడి ముందు తప్పెటగుళ్ళు. స్తంభానికి ఒక ఎల్ఈడీ ఫ్లడ్ లైటు, వెనక గోడ మీద సీరియల్ సెట్లు, అంతే వెలుతురు. దళం గురువుగారు పెద్దాయన, నాలుగు రోజుల గెడ్డం, ముఖమంతా చెమట, గుండె మీద తప్పెట. కాసేపు నిలబడి పాడతాడు, కాసేపు గజ్జెలు ఘల్లుమనేలా ఎగురుతాడు. కెమెరా మామూలు మిర్రర్‌లెస్, 4కె, సెకనుకి 25 ఫ్రేములు, షట్టర్ 1/50, లెన్స్ ఎఫ్ 1.8, ఐఎస్ఓ 6400. మన దగ్గర చాలామందికి రోజూ ఎదురయ్యే ఫుటేజీయే ఇది.

ముఖం ఎందుకు మైనం అవుతుందో ముందు చూడండి

నాయిస్ తగ్గించే పద్ధతులు ముఖ్యంగా రెండు. మొదటిది స్పేషియల్, అంటే ఒకే ఫ్రేములో పక్కపక్కన ఉన్న పిక్సెళ్ళని కలిపి సగటు తీయడం. చర్మం మీది రంధ్రాలు, సన్న వెంట్రుకలు, చెమట చుక్కల మెరుపు, ఇవన్నీ చిన్నగా, తక్కువ కాంట్రాస్టుతో ఉంటాయి, నాయిస్ కూడా సరిగ్గా అలాగే ఉంటుంది. ఒక్క ఫ్రేమే చూసే సాఫ్ట్‌వేర్‌కి ఏది చర్మం ఏది నాయిస్ అన్నది తెలియదు, రెండిటినీ కలిపి రుద్దేస్తుంది. పైగా చామనచాయ ముఖం మీద తక్కువ వెలుగు పడితే అది ఫ్రేములో నీడలకి దగ్గరగా కూర్చుంటుంది, నీడల్లోనే కదా నాయిస్ ఎక్కువ, కాబట్టి లైటుకి అవతలి వైపున్న చెంప ముందు దెబ్బతింటుంది.

రెండోది టెంపోరల్. ముందు ఫ్రేము, వెనక ఫ్రేము చూసి, అదే చోటున్న పిక్సెళ్ళని సగటు తీస్తుంది. నాయిస్ ప్రతి ఫ్రేముకీ మారిపోతుంది, ముడత మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. అందుకని మనిషి కదలకుండా ఉంటే నాయిస్ పోయి ముడత మిగులుతుంది. నాలుగు ఫ్రేములు సగటు తీస్తే నాయిస్ దాదాపు సగానికి పడిపోతుంది. మనిషి కదిలితే కథ వేరు, దానికి తర్వాత వస్తాను.

నాయిస్‌లోనూ రెండు రకాలున్నాయి. లూమా అంటే వెలుగులో వచ్చే తేడా, నలుపు తెలుపు ఇసుకలా కనిపిస్తుంది. క్రోమా అంటే రంగులో వచ్చే తేడా, నీడల్లో ఎరుపు, ఆకుపచ్చ, ఊదా మరకల్లా పాకుతూ ఉంటుంది. చూడ్డానికి అసహ్యంగా ఉండేది క్రోమానే, లూమా కొంచెం ఉన్నా కన్ను పెద్దగా పట్టించుకోదు. మనకి కలిసొచ్చే సంగతి ఏంటంటే చర్మం వివరం దాదాపు అంతా లూమాలోనే ఉంటుంది. మామూలు కెమెరాలు రంగు సమాచారాన్ని అడ్డంగా సగం, నిలువుగా సగం రిజల్యూషన్‌తోనే రాస్తాయి కాబట్టి రంగులో సన్నని వివరం మొదట్నుంచీ లేదు, దాన్ని గట్టిగా తుడిచినా పోయేదేమీ లేదు. ఈ ఒక్క విషయం పట్టుకుంటే సగం పని అయినట్టే: క్రోమాని గట్టిగా, లూమాని భయంభయంగా.

మొదలుపెట్టే ముందు ఫుటేజీని ఒకసారి చూడండి

క్లిప్‌ని 100 శాతం సైజులో పెట్టి ప్లే చేయండి. పాజ్ చేసి కాదు, ప్లే చేసి. మూడు విషయాలు వెతకాలి.

ముఖం ఇప్పటికే మైనంలా ఉందా? ఫోన్‌తో తీసినవి, కెమెరాలో హై ఐఎస్ఓ నాయిస్ రిడక్షన్ ఎక్కువ పెట్టి తీసినవి అలాగే ఉంటాయి. పోయిన చర్మాన్ని ఎవరూ వెనక్కి తేలేరు. అలాంటి క్లిప్ మీద ఇంకో నాయిస్ రిడక్షన్ వేయకండి, చివర్లో చెప్పే గ్రెయిన్ ఒక్కటీ వేసి వదిలేయండి.

రెండు, చుక్కలు సన్నగా ఉన్నాయా, చదరపు గళ్ళలా ఉన్నాయా? గళ్ళయితే అది కంప్రెషన్, తక్కువ బిట్‌రేటులో నాయిస్‌ని కుక్కడం వల్ల వచ్చింది. నాయిస్ రిడక్షన్ గళ్ళ అంచుల్ని అసలు బొమ్మే అనుకుని కాపాడుతుంది, అందుకే ఎంత లాగినా పోవు.

మూడు, లైటు మినుకుమినుకుమంటోందా? మన కరెంటు 50 హెర్ట్జ్. 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెట్టి తీస్తే చాలావరకు బాధ ఉండదు. ఫోన్‌లో 30 ఫ్రేములు, 1/60తో తీసిన క్లిప్‌లో చవక ఎల్ఈడీ కింద వెలుగు ఊగుతుంది. అలా ఊగితే టెంపోరల్ పనిచేయదు, ఎందుకంటే ఫ్రేముకీ ఫ్రేముకీ వెలుగు మారితే అదంతా కదలికే అనుకుని వదిలేస్తుంది. ముందు డీఫ్లికర్ వేసి, ఆ తర్వాతే నాయిస్ సంగతి చూడండి.

షూటింగ్ ఇంకా అవ్వలేదంటే ఒక్క మాట. నాయిస్ వస్తుందని భయపడి ఐఎస్ఓ 1600లో చీకటిగా తీసి, ఎడిటింగ్‌లో వెలుగు పెంచుదాం అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. అలా పెంచితే 6400లో సరైన వెలుగుతో తీసిన దానికన్నా నాయిస్ తక్కువేమీ రాదు, చాలా కెమెరాల్లో ఎక్కువే వస్తుంది, పైగా నీడల్లో ఉన్న వివరాన్ని కంప్రెషన్ ముందే తినేసి ఉంటుంది. ముఖం మీద వెలుగు మరీ ఎక్కువై తెల్లగా మాడిపోనంతవరకు ఎక్కువ వెలుగుతోనే తీయండి.

నిలబడి పాడే షాట్

డావిన్చీ రిజాల్వ్‌లో చెప్తాను. నాయిస్ రిడక్షన్ డబ్బులు పెట్టి కొనే స్టూడియో వెర్షన్‌లోనే ఉంటుంది, ఉచిత వెర్షన్‌లో వేస్తే బొమ్మ మీద వాటర్‌మార్క్ పడుతుంది. స్టూడియో లేనివాళ్ళకి కింద వేరే దారి చెప్పాను.

కలర్ పేజీలో మొట్టమొదటి నోడ్ దీనికే ఉంచండి. కాంట్రాస్టు, లట్, రంగులు అన్నీ దీని తర్వాతి నోడ్లలో. కాంట్రాస్టు పెంచాక నాయిస్ తీస్తే, నీడల్లో నాయిస్ ఒకలా వెలుగులో ఒకలా సాగిపోయి ఉంటుంది, ఒకే విలువ రెండిటికీ సరిపోదు.

Motion Effects పానెల్ తెరిచి Temporal NR దగ్గర Frames 3, Mo. Est. Type దగ్గర Better, Motion Range దగ్గర Medium పెట్టండి. ఇప్పుడు Luma, Chroma రెండూ కలిసి కదులుతుంటాయి, వాటి మధ్య ఉన్న లింక్ గుర్తు నొక్కి విడదీయండి. ఇది మరిచిపోయేవాళ్ళే ఎక్కువ, మైనపు ముఖాల్లో సగం ఇక్కడే పుడతాయి.

ముందు క్రోమా పెంచండి. గురువుగారి వెనక గోడ మీద ఎర్రమరకలు పాకడం ఆగేదాకా పెంచుకుంటూ పోండి, ఇలాంటి ఫుటేజీకి 20 దగ్గర ఆగుతుంది. మరీ లాగితే సీరియల్ సెట్ల రంగు పక్కకి కారినట్టు, పెదాల ఎరుపు చర్మంలోకి జారినట్టు అవుతుంది, అక్కడ నుంచి కొంచెం వెనక్కి రావాలి.

తర్వాత లూమా. సున్నా నుంచి ఒక్కో అంకె పెంచుతూ గోడని కాదు, లైటుకి అవతలున్న చెంపని చూడండి. గెడ్డం వెంట్రుకలు విడివిడిగా కనిపిస్తున్నంతవరకు పెంచండి, అవి కలిసిపోయి ఒక బూడిద మచ్చలా అవ్వడం మొదలవగానే రెండంకెలు తగ్గించండి. ఈ షాట్‌కి 6 నుంచి 8 మధ్యలో తేలుతుంది. అప్పటికి నాయిస్ పూర్తిగా పోదు, సగం ఉంటుంది. ఉండనివ్వండి.

Spatial NR జోలికి ముఖం మీద వెళ్ళకండి. మరీ తప్పదంటే అందులో కూడా లింక్ విడదీసి, లూమా సున్నా ఉంచి, క్రోమా మాత్రం ఓ 10 ఇవ్వండి.

వెనక గోడ ఇంకా గోలగా ఉందనిపిస్తే రెండో నోడ్ తీసుకోండి. ముఖం చుట్టూ, మెడ కూడా కలిసేలా గుండ్రటి విండో వేసి, అంచు మెత్తగా పెట్టి, ట్రాక్ చేసి, దాన్ని తిరగేయండి, అంటే విండో బయట మాత్రమే పనిచేయాలి. అక్కడ స్పేషియల్ లూమా కొంచెం ఇవ్వొచ్చు. కానీ కొంచెమే. గోడ అద్దంలా శుభ్రంగా, ముఖం మాత్రం ఇసుకగా ఉంటే ఇంకా వింతగా ఉంటుంది, మనిషిని కత్తిరించి గోడ మీద అంటించినట్టు. పెద్దాయన తలపాగా అంచు దగ్గర నాయిస్ ఉన్న భాగం, లేని భాగం వేరువేరుగా తెలుస్తున్నాయంటే గోడ మీద ఎక్కువ చేశారని అర్థం.

ఎగిరే షాట్, అసలు చిక్కంతా ఇక్కడే

గురువుగారు పాట ఆపి అడుగు అందుకోగానే టెంపోరల్ ముఖాన్ని వదిలేస్తుంది. వదిలేయాలి కూడా, లేకపోతే మూడు ఫ్రేముల ముఖాలు ఒకదాని మీద ఒకటి పడతాయి. ఫలితం ఏంటంటే కదలని గోడ శుభ్రంగా ఉంటుంది, కదిలే ముఖం నాయిస్‌తో ఉంటుంది. ఈ తేడా చూసి కంగారుపడి స్పేషియల్ లాగేస్తారు, ముఖం మైనం అయిపోతుంది. నేను చూసిన పాడైపోయిన వీడియోల్లో ఎక్కువ భాగం ఇలా పాడైనవే.

Temporal NR కిందే Motion అని ఒక అంకె ఉంటుంది, మామూలుగా 50. దీన్ని తగ్గిస్తే చిన్న కదలికని కూడా కదలికగానే లెక్కేసి ఎక్కువ భాగాన్ని ముట్టుకోకుండా వదిలేస్తుంది. పెంచితే కదిలే భాగాల్లో కూడా సగటు తీస్తుంది. ఎగిరే షాట్‌కి 30 దగ్గర మొదలుపెట్టండి, Motion Range మాత్రం Large చేయండి. ఎక్కువైందని తెలుసుకోవాలంటే నోరు చూడండి. పాడుతున్నప్పుడు పళ్ళు, మీసం అంచు రెండుగా కనిపించినా, తప్పెట మీద పడే చేతి వెనక తోకలా నీడ మిగిలినా Motion ఇంకా తగ్గించాలి.

మరి ముఖం మీద మిగిలిన నాయిస్ సంగతి? రెండు మాటలు గుర్తుపెట్టుకోండి. వేగంగా కదిలే ముఖంలో 1/50 షట్టర్‌కి ఎలాగూ మసక వస్తుంది, ఆ మసకలో నాయిస్‌ని కన్ను అంతగా పట్టుకోదు. కన్ను పట్టుకునేది తేడాని. అందుకని ముఖాన్ని గోడ స్థాయికి శుభ్రం చేయాలని చూడకండి, గోడని ముఖం స్థాయికి దింపండి. టెంపోరల్ లూమాని 8 నుంచి 4కి తగ్గిస్తే గోడ మీద కొంచెం నాయిస్ తిరిగి వస్తుంది, ముఖానికీ గోడకీ మధ్య తేడా తగ్గిపోతుంది, మొత్తం ఫ్రేము ఒకే రాత్రిలో ఒకే కెమెరాతో తీసినట్టు ఉంటుంది. క్రోమా మాత్రం 20 అలాగే ఉంచండి.

నిలబడి పాడే షాట్ పక్కనే ఎగిరే షాట్ కట్ చేస్తారు కదా, అప్పుడు మొదటిదాన్ని కూడా కాస్త వెనక్కి తగ్గించాల్సి రావచ్చు. ఒక్కో క్లిప్‌ని విడిగా బాగు చేసుకుంటూ పోతే ఇది తెలియదు, టైమ్‌లైన్ మీద రెండూ వరుసగా ప్లే చేస్తేనే తెలుస్తుంది.

ఏం పోయిందో చూసే పరీక్ష

ఎంత సేపు స్క్రీన్ చూస్తే అంతగా కన్ను అలవాటు పడిపోతుంది, రాత్రి ఒంటిగంటకి అన్నీ బాగానే కనిపిస్తాయి. కాబట్టి కన్నుని నమ్మకుండా తేడా బొమ్మ చూడండి. రిజాల్వ్‌లో నాయిస్ నోడ్ ఎంచుకుని, వ్యూయర్ పైన Highlight నొక్కి, అందులో A/B ఎంచుకుంటే ఆ నోడ్ తీసేసిన భాగం మాత్రమే కనిపిస్తుంది. చాలా చీకటిగా ఉంటుంది, గదిలో లైటు ఆపి చూడండి. అక్కడ వట్టి ఇసుక మాత్రమే ఉంటే పర్వాలేదు. అందులో గురువుగారి ముఖం పోల్చుకోగలిగితే, ముడతల గీతలు, కనుబొమ్మలు, గెడ్డం కనిపిస్తుంటే, అవన్నీ మీరు చెరిపేసినవే. లూమా తగ్గించండి, ముఖం మాయమయ్యేదాకా.

స్టూడియో వెర్షన్ లేకపోతే

ఉచితంగా దొరికే ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తో ఇదే ఆలోచనని అమలు చేయొచ్చు. విండోలు, ట్రాకింగ్ ఉండవు, మిగతాదంతా అవుతుంది.

```
ffmpeg -i raatri.mp4 -vf "hqdn3d=0.8:5:4:8" -c:v libx264 -crf 16 -c:a copy shubhram.mp4
```

ఆ నాలుగు అంకెలు వరసగా స్పేషియల్ లూమా, స్పేషియల్ క్రోమా, టెంపోరల్ లూమా, టెంపోరల్ క్రోమా. ఏ అంకే ఇవ్వకపోతే స్పేషియల్ లూమా 4 తీసుకుంటుంది, ముఖానికి అది ఎక్కువ. అలాగని అక్కడ సున్నా పెడితే ఆపేసినట్టు అనుకోకండి, సున్నా ఇస్తే మళ్ళీ ఆ 4నే తీసుకుంటుంది. అందుకే 0.8 లాంటి చిన్న అంకె ఇవ్వాలి. ఇది కదలికని వెంబడించి చూసే రకం కాదు, కాబట్టి ఎగిరే షాట్లకి మూడో అంకె 2 లేదా 3కి దించండి, లేకపోతే చేతుల వెనక తోకలు వస్తాయి. మొత్తం వీడియో మీద ఒకేసారి నడపకుండా ముందు పది సెకన్ల ముక్క మీద చూసుకోండి.

తేడా బొమ్మ కావాలంటే ఇలా:

```
ffmpeg -i raatri.mp4 -i shubhram.mp4 -filter_complex "[0:v][1:v]blend=all_mode=grainextract" -crf 16 teda.mp4
```

బూడిద రంగు తెర మీద పోయిన భాగం కనిపిస్తుంది. చూడాల్సింది పైన చెప్పిందే, అందులో ముఖం పోల్చగలమా లేదా అని.

గ్రెయిన్ మళ్ళీ వేయడం

నాయిస్ తీసి మళ్ళీ వేయడమేంటి అని నవ్వకండి. తీసింది రంగు మరకలున్న, కంప్రెషన్‌తో ముద్దలైన నాయిస్. వేసేది సన్నగా, ఫ్రేమంతా సమానంగా, రంగు లేకుండా ఉండే గ్రెయిన్. ఇది రెండు పనులు చేస్తుంది. చర్మం కొంచెం నున్నబడిన చోట కంటికి మళ్ళీ గరుకుదనం అందిస్తుంది. ఇంకోటి, నాయిస్ పోయాక గుడి వెనక చీకటి ఆకాశంలో మెట్లుమెట్లుగా చారలు కనిపిస్తాయి కదా, 8 బిట్ ఫుటేజీలో మరీ ఎక్కువ, ఆ చారల్ని చెదరగొడుతుంది.

రిజాల్వ్ స్టూడియోలో ఫిల్మ్ గ్రెయిన్ ఎఫెక్ట్ ఉంది, చివరి నోడ్‌లో, చాలా తక్కువగా వేయండి. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో అయితే పై కమాండ్‌లో ఫిల్టర్ ఇలా మారుతుంది:

```
-vf "hqdn3d=0.8:5:4:8,noise=c0s=4:c0f=t"
```

c0 అంటే లూమా ఒక్కటే, t అంటే ప్రతి ఫ్రేముకీ మారుతుంది. t పెట్టకపోతే గ్రెయిన్ కదలకుండా నిలబడి, మురికి అద్దంలోంచి చూస్తున్నట్టు ఉంటుంది. దూరం నుంచి చూస్తే గ్రెయిన్ ఉన్నట్టు తెలియకూడదు, తీసేస్తే మాత్రం ఏదో లోటు తెలియాలి, ఆ మోతాదు చాలు.

షార్ప్‌నెస్ మాత్రం పెంచకండి. మెత్తబడింది కదా అని ముఖం మీద షార్ప్‌నెస్ వేస్తే ఉన్న ముడత గీతలు నల్లగా తేలతాయి, వాటి మధ్య చర్మం మైనంగానే ఉంటుంది.

చివరిగా ఎక్కడికి పంపుతున్నారో చూసుకోండి. పెన్‌డ్రైవ్‌లో వేసి పార్టీకి ఇచ్చేదైతే బిట్‌రేటు బాగా పెట్టి గ్రెయిన్‌తోనే ఇవ్వండి. యూట్యూబ్‌కి 1080లో తీసినదైనా 4కెకి పెంచి ఎక్కిస్తే గ్రెయిన్ కొంచెం మెరుగ్గా బతుకుతుంది. వాట్సాప్ కాపీకి గ్రెయిన్ వేయకండి, అక్కడి కంప్రెషన్ దాన్ని గళ్ళుగా మార్చేస్తుంది. దానికి లూమా మరో రెండంకెలు పెంచిన వేరే కాపీ తీసుకోండి, ఫోన్ తెర మీద ఆ సైజుకి చర్మం రంధ్రాలు ఎలాగూ కనపడవు.